పద్నాలుగు పేజీల పోలిక, ఒక్క కాగితం

ఖమ్మంలో ఒక మందుల షాపు. హైదరాబాద్‌లో కూర్చుని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతున్న అమ్మాయి ఫోన్‌లో చెప్పిందంతా యజమాని ఓపిగ్గా విన్నాడు. చివర్లో ఒకే మాట అడిగాడు: "మేం వాడేది ఒక్కసారి డబ్బులు కట్టి కొనుక్కున్నాం. మీదేందమ్మా, ఏటా కట్టాలంటున్నరు?"

జవాబు ఆ కంపెనీ దగ్గర ఉంది. పోటీ సాఫ్ట్‌వేర్‌తో తమదాన్ని పోలుస్తూ ప్రాడక్ట్ టీమ్ రాసిన 14 పేజీల ఫైలులో, తొమ్మిదో పేజీలో, ధరల విశ్లేషణ అనే శీర్షిక కింద మూడో పేరాలో ఉంది. ఆ ఫైలు అమ్మాయి కంప్యూటర్‌లో తెరిచే ఉంది. కానీ తొమ్మిదో పేజీకి చేరేలోపు ఆమె నోటి నుంచి వచ్చేది ఒక్కటే: "ఒక్క నిమిషం సార్, కనుక్కుని చెప్తాను."

మనుషులు మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి పట్టే సమయం సగటున సెకనులో అయిదో వంతు. పది భాషల సంభాషణలను పోల్చి 2009లో వెలువడిన ఒక పరిశోధన తేల్చిన సంగతి ఇది. ప్రశ్న తర్వాత నిశ్శబ్దం ఒక సెకను దాటితే అవతలి మనిషికి ఏదో తేడా కొట్టడం మొదలవుతుంది. "మంచి ప్రశ్న అడిగారు సార్" లాంటి మాటతో అమ్మకాల ప్రతినిధి ఇంకో రెండు సెకన్లు సంపాదించుకోగలదు. కాబట్టి పోటీదారు గురించి కంపెనీ ఎంత తెలుసుకున్నా, కాల్‌లో పనికొచ్చేది ఆ మూడు సెకన్లలో కంటికి దొరికినంతే. అమ్మకాల వాళ్లు బ్యాటిల్‌కార్డు అని పిలిచే ఒక్క పేజీ కాగితం ఆ మూడు సెకన్ల కోసమే.

ఈ కథనంలోని కంపెనీ, దాని పోటీదారు, ఇద్దరి ధరలూ ఉదాహరణ కోసం అల్లుకున్నవి. మందుల షాపులకు వర్తించే నిబంధనలు, పన్ను రేట్లు మాత్రం ఉన్నవే.

పొడుగు ఫైలులో ఏముంటుంది

ఇలాంటి ఫైళ్లు ఎవరో ఒకరు కూర్చుని ఒక్క రోజులో రాసినవి కావు. మొదట ఎవరో పోటీ కంపెనీ ఎప్పుడు పెట్టారు, ఎన్ని ఊళ్లలో ఉంది అని రెండు పేజీలు రాస్తారు. తర్వాత ప్రాడక్ట్ మేనేజర్ అరవై వరుసల పట్టిక పెడతాడు. మన గడుల్లో అన్నీ టిక్కులు, వాళ్ల గడుల్లో సగం ఇంటూలు. క్లౌడ్ సర్వర్ల నిర్మాణం గురించి ఇంజినీర్లు ఒక పేజీ చేరుస్తారు. ఏడాది కిందట పోయిన ఒక పెద్ద కస్టమర్ గురించి సేల్స్ మేనేజర్ తన బాధంతా ఒక పేరాలో వెళ్లగక్కుతాడు. ఇందులో ఏదీ అబద్ధం కాకపోవచ్చు. కానీ ఇదంతా రాసినవాళ్లు తమకు తెలిసిన క్రమంలో రాశారు. కస్టమర్ అడిగే క్రమం అది కాదు.

అందుకే ఈ ఫైలును కుదించి కార్డు చేద్దామని కూర్చున్నవాళ్లు దాదాపు ఎప్పుడూ విఫలమవుతారు. 14 పేజీలను నాలుగు చేస్తారు, నాలుగును రెండు చేస్తారు. చివరికి అక్షరాలను తొమ్మిది పాయింట్లకు తగ్గించి, మార్జిన్లు లాగి, ఒక్క పేజీలో పట్టించామంటారు. లెక్కకు అది ఒక్క పేజీయే, కానీ కంటికి మాత్రం ఇంకా 14 పేజీలే. కార్డు అంటే ఫైలుకు సారాంశం కాదని నేను గట్టిగా నమ్ముతాను. దాన్ని ఫైలు నుంచి కాకుండా కాల్ నుంచి మొదలుపెట్టాలి.

మొదట ఫైలును పక్కన పెట్టి రికార్డయిన కాల్స్ వినాలి. అన్నీ అక్కర్లేదు, పోటీ సాఫ్ట్‌వేర్ ప్రస్తావన వచ్చినవి చాలు. వింటూ కస్టమర్ అన్న వాక్యాన్ని అన్నది అన్నట్టే కాగితం మీద పెట్టాలి. "ధర విషయంలో అభ్యంతరం" అని రాసుకుంటే లాభం లేదు. "ఏటా కట్టాలంటున్నరు" అనే రాయాలి, ఎందుకంటే ప్రతినిధి చెవికి వినబడేది ఆ మాటే. చెవిన పడ్డ మాటే కార్డు మీద కనబడితే కన్ను దాని దగ్గరికి నేరుగా వెళ్తుంది. "ధర విషయంలో అభ్యంతరం" అని ఉంటే విన్నదాన్ని ముందు ఒక వర్గంలో వేసుకుని, తర్వాత ఆ వర్గాన్ని వెతుక్కోవాలి. మూడు సెకన్లూ అక్కడే అయిపోతాయి.

కాల్స్ వింటున్నకొద్దీ కొత్త వాక్యాలు తగ్గిపోతాయి, పాతవే తిరిగి తిరిగి వస్తాయి. మన ఉదాహరణలో చివరికి మిగిలినవి నాలుగు. ఏటా డబ్బు కట్టడం ఎందుకు అన్నది ఒకటి. నెట్ పోతే బిల్లు ఎలా కొట్టాలి అన్నది రెండోది. మా స్టాకంతా పాతదాంట్లో ఉంది, మళ్లీ ఎవరు ఎక్కిస్తారు అన్నది మూడోది. మా కుర్రాడికి ఆ కీబోర్డు అలవాటైపోయింది అన్నది నాలుగోది. అరవై వరుసల పట్టికలో ఈ నాలుగింటికి సంబంధించిన వరుసలు ఆరేడుకు మించవు.

ఇప్పుడు ఫైలు తెరవాలి. ప్రతి వాక్యం దగ్గరా ఆగి ఒకటే అడగాలి: కస్టమర్ ఏ మాట అన్నాక ఇది పలుకుతాం? జవాబు ఉంటే ఆ మాట నంబరు పక్కన వేయాలి, లేకపోతే కొట్టేయాలి. పోటీ కంపెనీ చరిత్ర పోతుంది. సర్వర్ల నిర్మాణం పోతుంది, దాంట్లోంచి ఒక్క వాక్యం మాత్రం రెండో మాట కిందికి వస్తుంది. రాసినవాళ్లకు ఇది కష్టంగా ఉంటుంది. అందుకే ఈ పని ఫైలు రాసినవాళ్ల చేతిలో కాకుండా రోజూ కాల్స్ చేసే ఇద్దరి చేతిలో పెట్టి, రాసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవడం మేలు.

లెక్క తిరగబడిన చోటు

నంబరు పడ్డ వాక్యాలు కూడా నేరుగా కార్డులోకి ఎక్కకూడదు. వాటిని నిజమా కాదా అని చూసుకోవాలి. ఈ దశలోనే అసలు విషయాలు బయటపడతాయి. మొదటి మాటనే తీసుకుందాం.

పొడుగు ఫైలులో దీని గురించి దాదాపు అర పేజీ ఉంది. చందా పద్ధతిలో కస్టమర్‌కు మొదటి పెట్టుబడి తక్కువని, అప్‌డేట్లు అందులోనే కలిసి ఉంటాయని, పోటీ సాఫ్ట్‌వేర్‌కు మొదట కట్టే సొమ్ముతో పాటు అదనపు ఖర్చులు ఉంటాయని, మొత్తంగా చూస్తే దీర్ఘకాలంలో మనదే చౌక అని సాగుతుంది. వినడానికి బాగుంది. అంకెలు మాత్రం ఎక్కడా లేవు.

అంకెలు వేసి చూద్దాం. పోటీ సాఫ్ట్‌వేర్ మొదట రూ. 15,000. రెండో ఏడాది నుంచి అప్‌డేట్లకు ఏటా రూ. 4,000. రెండో కౌంటర్‌లో ఇంకో కంప్యూటర్ పెడితే ఒక్కసారి రూ. 7,000. మన సాఫ్ట్‌వేర్ ఏటా రూ. 8,000, కౌంటర్లు ఎన్నయినా అంతే. ఒకే కౌంటర్ ఉన్న షాపుకు మూడేళ్లలో వాళ్లది రూ. 23,000 అవుతుంది, మనది రూ. 24,000. అయిదేళ్లకు వాళ్లది రూ. 31,000, మనది రూ. 40,000. అంటే ఒక కౌంటర్ షాపుకు మనదే చౌక అన్న మాట పచ్చి అబద్ధం. రెండు కౌంటర్లుంటే మూడేళ్లకు వాళ్లది రూ. 30,000, మనది రూ. 24,000. అక్కడ మనం గెలుస్తాం. అయిదేళ్లకు మళ్లీ వాళ్లది రూ. 38,000, మనది రూ. 40,000.

అర పేజీ వచనం వెనక ఇంత దాక్కుని ఉంది. విశేషణాలతో నిండిన పేరాను ప్రశ్నించేవాళ్లు ఉండరు. ఒక్క వాక్యంగా కుదించి ఫోన్‌లో చెప్పాల్సి వచ్చినప్పుడే దాని కింద నేల ఉందో లేదో తెలుస్తుంది. మందుల షాపు యజమాని రోజంతా మార్జిన్లు లెక్కపెట్టే మనిషి. "మొత్తంగా చూస్తే చౌక" అంటే అతను అక్కడికక్కడే కాలిక్యులేటర్ తీస్తాడు.

ఇంతా చూసుకున్నాక కార్డులో మొదటి మాట ఎదురుగా ఇలా వస్తుంది: "నిజమే సార్, మాది ఏటా కట్టాలి. మీకు ఒక కౌంటరా, రెండా?" దాని కింద ప్రతినిధి కోసం రెండు చిన్న వరుసలు. రెండు కౌంటర్లయితే: మూడేళ్లకు వాళ్లది 30,000, మనది 24,000. ఒకే కౌంటరయితే: ధర మీద వాదించొద్దు, ఎక్స్‌పైరీ ప్రశ్నకు వెళ్లు.

ఆ జవాబులో మూడు పనులు జరుగుతున్నాయి. ముందు కస్టమర్ మాటను ఒప్పుకుంటుంది. తర్వాత ఉపన్యాసం ఎత్తుకోకుండా ప్రశ్నతో ముగుస్తుంది. అతను చెప్పే సమాధానాన్ని బట్టి దారి చీలుతుంది. కార్డులో ప్రతి జవాబూ ప్రశ్నతో ముగియాలన్నది నా పట్టుదల. ప్రశ్నతో ముగిస్తే మాట అవతలికి వెళ్తుంది, ప్రతినిధికి కింది వరుస చూసుకునే వ్యవధి దొరుకుతుంది. చెప్పాల్సింది పది సెకన్లు దాటకూడదు. గడియారం పెట్టుకుని పైకి చదివితే ఎక్కువైన మాటలు వాటంతటవే తెలిసిపోతాయి.

ఎక్స్‌పైరీ ప్రశ్న అంటే ఏమిటో చెప్పాలి. గడువు దగ్గరపడ్డ మందులను షాపులు డిస్ట్రిబ్యూటర్‌కు తిప్పి పంపుతాయి. దానికి కంపెనీని బట్టి ఒక గడువుంటుంది. ఏ బ్యాచ్ ఏ నెలలో అయిపోతుందో ముందుగా కనబడకపోతే స్ట్రిప్పులు ర్యాకులోనే ఉండిపోతాయి, ఆ నష్టం షాపుదే అవుతుంది. మన సాఫ్ట్‌వేర్ ఆ జాబితాను డిస్ట్రిబ్యూటర్ వారీగా ముందే తీసి ఫోన్‌కు పంపుతుంది, పాతదాంట్లో ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని రిపోర్టు తీయాలి. పొడుగు ఫైలు దీన్ని పట్టికలో 41వ వరుసలో ఒక టిక్కుగా వదిలేసింది. కార్డులో ఇది అన్నిటికన్నా పైన ఉంటుంది, కస్టమర్ పోటీదారు పేరు ఎత్తకముందే అడగాల్సిన ప్రశ్నగా: "పోయిన ఏడాది గడువు అయిపోయి మీ దగ్గరే మిగిలిపోయిన సరుకు ఎంతుంటుంది సార్?" అతను చెప్పే మొత్తం అయిదు వేలు దాటితే, ఒక కౌంటర్ షాపులోనూ ఏడాదికి ఎనిమిది వేలు ఎక్కువా కాదా అన్న చర్చకు అర్థం వస్తుంది. ఆ మొత్తం ఆయన నోటి నుంచే రావాలి. మనం చెబితే అది ప్రచారంలా వినబడుతుంది.

ఓడిపోయే చోటు కూడా కాగితం మీద ఉండాలి

నెట్ పోతే ఎలా అన్న రెండో మాటకు ఫైలులో పేజీ నిండా సాంకేతిక వివరణ ఉంది. కార్డులో ఉండేది ఇంతే: "నెట్ లేకున్నా బిల్లు పడుతుంది సార్, వచ్చాక తనే కలుపుకుంటుంది. మీ దగ్గర ఎంతసేపు పోతుంటుంది?" దాని పక్కన ఎర్ర అక్షరాల్లో ఒక హెచ్చరిక: నెట్ లేనంతసేపు ఒక కౌంటర్ అమ్మింది రెండో కౌంటర్ స్టాకులో కనబడదు, కనబడుతుందని చెప్పొద్దు.

ఇలాంటి హెచ్చరికలను కార్డులో పెట్టడానికి చాలా మేనేజర్లు ఇష్టపడరు. ధైర్యం చెప్పాల్సిన కాగితంలో లోపాలేమిటంటారు. కానీ ఈ లోపం ప్రతినిధికి తెలియకపోతే రెండు కౌంటర్ల షాపుకు మాట ఇచ్చేస్తుంది. మొదటిసారి నెట్ పోయిన రోజున లేని మందును ఉందని బిల్లు కొడతారు. ఆ కస్టమర్ తర్వాతి ఏడాది చందా కట్టడు, పక్క షాపుకు కూడా చెప్తాడు.

నాలుగో మాట ఇంకా నిజాయితీ అడుగుతుంది. పాత డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లలో మౌస్ ముట్టుకోకుండా, ఫంక్షన్ కీలతోనే బిల్లు పూర్తవుతుంది. అయిదారేళ్ల నుంచి అదే వాడుతున్న కుర్రాడి వేళ్లు స్క్రీన్ చూడకుండానే కదులుతాయి. సాయంత్రం ఆరు తర్వాత కౌంటర్ ముందు పదిమంది నిలబడి ఉన్నప్పుడు ఆ వేగమే షాపును నడిపిస్తుంది. ఇక్కడ మనం తక్కువే. కార్డు అలాగే చెప్పాలి: "మొదటి వారం నెమ్మదిగానే ఉంటుంది సార్. మీకు రద్దీ తక్కువుండే గంటలు ఏవి?" ఆ గంటల్లోనే నేర్పుతామన్నది తర్వాతి మాట.

కార్డు అడుగున ఒక చిన్న పెట్టె ఉంటుంది. ఒకే కౌంటర్, గడువు నష్టం పెద్దగా లేదు, కుర్రాడు పాతదానికి బాగా అలవాటు పడ్డాడు అనే మూడూ కలిసిన షాపుతో మర్యాదగా కాల్ ముగించమని అందులో ఉంటుంది. అక్కడ గంట వాదించే బదులు ఆ సమయంలో ఇంకో రెండు కాల్స్ చేసుకోవచ్చు. ఈ పెట్టె లేని కార్డు అసంపూర్ణమని నా ఉద్దేశం. అది లేకపోతే ప్రతినిధి ప్రతి కాల్‌నూ గెలవాల్సిందిగానే చూస్తుంది.

పోటీదారును ఎంతవరకు అనొచ్చు అన్నది ఇంకో సంగతి. 1990ల చివర్లో ఉజాలా ప్రకటన మీద రాబిన్ బ్లూ తయారీదారులు కలకత్తా హైకోర్టుకు వెళ్లారు. ఆ కేసులో కోర్టు చెప్పిన సూత్రాలను తర్వాత ఎన్నో తీర్పులు ప్రస్తావించాయి. నా సరుకే ఉత్తమం అని చెప్పుకోవచ్చు, పోల్చుకోవచ్చు, కానీ ఆ పేరుతో ఎదుటివాడి సరుకు చెడ్డదని అనకూడదు. అది ప్రకటనల గురించిన తీర్పే. అయినా కార్డు కూడా రాతపూర్వకమైన కాగితం, ఉద్యోగం మారిన ఒక్కరి వాట్సాప్ ద్వారా అది పోటీ కంపెనీకి చేరిపోతుంది. అందుకే వాళ్లూ చదువుతారనుకునే రాయాలి. "వాళ్ల సాఫ్ట్‌వేర్ చెత్త, ఊరికే ఆగిపోతుంది" అన్న వాక్యం ఫైలులో ఉంటే కొట్టేయడమే. "వాళ్ల దగ్గర గడువు జాబితా అడిగితేనే వస్తుంది, మనది తనంతట తానే పంపుతుంది" అన్నది వాళ్లు చదివినా కాదనలేని మాట.

కాగితం మీది సిరా ఎన్నాళ్లు

రూపం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అడ్డంగా తిప్పిన ఎ4 కాగితం, ఎడమవైపు కస్టమర్ మాటలు ముద్దక్షరాల్లో, కుడివైపు మన జవాబు. అక్షరాలు 14 పాయింట్లకు తగ్గకూడదు. స్క్రీన్ మీదయితే కిందికి జరపాల్సిన అవసరం రాకూడదు. ఫైలు ఇంగ్లిష్‌లో ఉన్నా కార్డు మాత్రం కాల్ నడిచే తెలుగులోనే ఉండాలి. లేకపోతే ప్రతినిధి ఒకపక్క వింటూ ఇంకోపక్క అనువాదం చేసుకోవాలి.

రాశాక పరీక్ష పెట్టాలి. కార్డు ఎప్పుడూ చూడని ఒకరికి ఇచ్చి, ఇంకొకరు షాపు యజమానిలా ఫోన్ చేసి, నాలుగు మాటలనూ క్రమం తప్పించి తనకు తోచిన యాసలో అనాలి. పక్కన కూర్చున్న మూడో మనిషి ప్రతి మాటకూ ఎంతసేపట్లో జవాబు మొదలైందో చూడాలి. మూడు సెకన్లు దాటిన చోట కార్డు ఎడమవైపు తప్పుంది, అంటే అక్కడ రాసిన మాట చెవిన పడ్డ మాటలా లేదు. జవాబు వెంటనే మొదలై పుస్తకం చదివినట్టు వినబడితే తప్పు కుడివైపున ఉంది. అక్కడ రాసినది మనుషులు మాట్లాడే తెలుగు కాదన్నమాట. ఈ రెండు తప్పులకు మందులు వేరు కాబట్టి వాటిని కలిపి "కార్డు బాగాలేదు" అనుకోకూడదు.

స్టాకు ఎవరు ఎక్కిస్తారన్న మూడో మాట మన ఉదాహరణలో పరీక్ష దగ్గరే తేలింది. కార్డులో "డేటా మైగ్రేషన్ ఉచితం" అని ఉంది. యజమాని పాత్రలో ఉన్నవాడు, "హెచ్1 రిజిస్టర్ కూడా వస్తదా?" అన్నాడు. షెడ్యూల్ హెచ్1 మందులు అమ్మితే ఎవరు రాశారు, ఎవరికి అమ్మారు అన్న వివరాలతో రిజిస్టర్ పెట్టి మూడేళ్లు దాచాలని 2014 నుంచి నిబంధన ఉంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వస్తే అడిగేవాటిలో అదొకటి. మన టీమ్ మార్చేది స్టాకు, బ్యాచ్‌లు, ఇవ్వాల్సిన బాకీలు మాత్రమే, పాత రిజిస్టర్ రాదు. దాంతో ఆ వరుస మారింది: "స్టాకు, బ్యాచ్‌లు, బాకీలు మేమే ఎక్కిస్తాం సార్. పాత హెచ్1 రిజిస్టర్ మాత్రం ప్రింట్ తీసి దాచుకోవాలి. మీ పాత కంప్యూటర్ అలాగే ఉంచుకుంటారా?"

ఇక మిగిలింది కార్డు పాతబడటం. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకు ముందు రాసిన పోలికలో, బిల్లు నమూనాలో 12 శాతం అని ఉండి, దాన్నే ప్రతినిధి ఆ తర్వాతి నెలలో చదివిందనుకోండి. మందుల షాపాయనకు ఆ మార్పు రాత్రికి రాత్రి ర్యాకులోని ప్రతి డబ్బా మీద తెలిసొచ్చింది. ఇన్నాళ్లూ విన్న మిగతా మాటలన్నిటి మీదా అతనికి ఆ క్షణంలో అనుమానం వస్తుంది. అందుకే కార్డు కుడి మూలన తేదీ, సరిచూసినవాళ్ల పేరు ఉండాలి. పోటీదారు ధర, పన్ను రేటు లాంటి మారే అంకెల పక్కన వాటిని ఎక్కడ చూశారో, ఏ రోజున చూశారో కూడా చిన్న అక్షరాల్లో ఉండాలి. మూడు నెలలు దాటిన కార్డును సరిచూడకుండా వాడొద్దన్న నియమం పెట్టుకున్నా, ఇలాంటి మార్పు వచ్చిన రోజున ఆ మూడు నెలల కోసం ఆగకూడదు.

కొత్త వాక్యం చేర్చమని అడిగేవాళ్లు ప్రతి వారం వస్తారు. పోటీదారు కొత్త మొబైల్ యాప్ తెచ్చాడు, పెట్టండి అంటారు. అప్పుడు ఆ యాప్ గురించి కస్టమర్ నిజంగా అన్న మాటలు ఎన్ని కాల్స్‌లో వినబడ్డాయో చూడాలి. ఒక్క కాల్‌లోనే వినబడితే అది పొడుగు ఫైలులోకి వెళ్తుంది. ఆ ఫైలును పారేయకూడదు, కొత్తగా చేరిన ప్రతినిధి మొదటి వారంలో చదవాల్సింది, పెద్ద ఆసుపత్రి టెండర్‌కు జవాబు రాయాల్సి వస్తే తెరవాల్సింది అదే. చాలా కాల్స్‌లో వినబడితే కార్డులోకి వస్తుంది. అయితే దానికి చోటు కావాలి కాబట్టి, ఉన్న నాలుగు మాటల్లో ఈ మధ్య అన్నిటికన్నా తక్కువగా వినబడినదాన్ని తీసేయాలి.